ఉద్యోగం వదిలి వెళ్తున్నాను: ఉదయం రిపోర్టు అప్పగింత నోట్‌లో ఇంకా ఏమి ఉండాలి?

పాలలెక్క · 1వ రోజు, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. పాలు సేకరించే ఒక ప్రైవేటు డెయిరీలో నాలుగేళ్లుగా అనలిస్టుగా ఉన్నాను. ఈ నెలాఖరుకు వెళ్లిపోతున్నాను. నేను తయారుచేసిన రిపోర్టులలో రోజూ మనుషుల్ని కదిలించేది ఉదయం రిపోర్టు ఒక్కటే. అది చూసుకునే సేకరణ మేనేజరు ఆరున్నరకల్లా ఏ ట్యాంకరు ఏ దారిన వెళ్లాలో చెబుతారు. అందుకే దాని అప్పగింత నోట్ మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాను. లోపాలు ఉంటే చెప్పండి.

పని జరిగే తీరు ఇది. మాకు 64 బల్క్ కూలింగ్ కేంద్రాలున్నాయి. ఊళ్ల నుంచి ఉదయం, సాయంత్రం రెండు పూటలా వాటికి పాలు వస్తాయి. ఒక్కో పూటకు ఒక్కో కేంద్రం నుంచి ఒక వరుస వస్తుంది: ఎన్ని లీటర్లు, వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్ శాతం, కూలరులో ఉష్ణోగ్రత. అంటే రోజుకు 128 వరుసలు. యంత్రాలు ఇచ్చిన కంపెనీ వాటన్నిటినీ ఒకే ఫైలుగా చేసి తెల్లవారుజామున నాలుగున్నర ప్రాంతంలో తమ ఎస్ఎఫ్‌టీపీ సర్వరులో మాకిచ్చిన ఫోల్డరులో పెడుతుంది. ఐదు గంటలకు ఒక స్క్రిప్ట్ దాన్ని డేటాబేసులోకి ఎక్కిస్తుంది. ఐదుంపావుకు ఇంకో స్క్రిప్ట్ నిన్నటి లెక్క తీసి, పట్టిక కట్టి, 11 మందికి మెయిల్ చేస్తుంది. సర్వరు గడియారం యూటీసీలో ఉంది, మన సమయం దానికంటే ఐదున్నర గంటలు ముందు. కాబట్టి క్రాన్‌లో ఇలా కనిపిస్తుంది:

```
30 23 * * * /home/anl/load_milk.sh
45 23 * * * /home/anl/morning_report.sh
```

నోట్ 14 పేజీలు వచ్చింది. స్క్రిప్టులు ఎక్కడున్నాయి, క్వెరీలో ఏ పట్టికలు ఉన్నాయి, ఏ నిలువు వరుస ఏ అర్థంలో వాడాను, యంత్రాల కంపెనీలో ఎవరికి ఫోన్ చేయాలి, అన్నీ రాశాను. నా స్థానంలోకి వచ్చిన సహోద్యోగి చేరి వారమైంది. ఇంకా పదిహేడు రోజులున్నాయి. ఏమి మరిచిపోయాను?

గోదారిగట్టు · 1వ రోజు, రాత్రి 10:02

మూడేళ్ల క్రితం నాకూ ఇలాంటి నోట్ ఒకటి అప్పగించారు. ఎంతో శ్రద్ధగా రాసిన నోట్ అది. అయినా మొదటిసారి రిపోర్టు ఆగిపోయిన ఉదయం అందులో నాకు పనికొచ్చే పేజీ ఒక్కటి కూడా దొరకలేదు. అందులో ఉన్నదంతా సరిగ్గా నడుస్తున్నప్పుడు ఎలా నడుస్తుందన్నదే. ఫోన్ మోగుతుంటే, చేతిలో అరగంటే ఉంటే, క్వెరీ వివరణ చదివే ఓపిక ఎవరికుంటుంది?

కాబట్టి మొదటి పేజీని కంటికి కనబడే దాని నుంచి మొదలుపెట్టండి. మెయిల్ రాలేదు. వచ్చింది కానీ కొన్ని కేంద్రాలు లేవు. అన్నీ ఉన్నాయి కానీ అంకెలు నమ్మబుద్ధి కావడం లేదు. వీటిలో ఒక్కోదానికి ముందు ఏమి చూడాలో రాయండి. జరగవచ్చని ఊహించినవి కాదు, ఈ నాలుగేళ్లలో మీకు నిజంగా జరిగినవి రాయండి. మిమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టింది ఏది?

పాలలెక్క · 1వ రోజు, రాత్రి 11:25

ఈ ప్రశ్న నేను వేసుకోలేదు. ఇబ్బంది పెట్టింది ఉంది. దాన్ని నోట్‌లో "సమయం మార్పు వల్ల వచ్చిన లోపం, సరిచేయబడింది" అని ఒక్క వాక్యంలో దాటేశాను. ఇప్పుడు పూర్తిగా రాస్తాను.

ఒకప్పుడు రిపోర్టు ఐదుముప్పావుకు వెళ్లేది, క్రాన్‌లో `15 0 * * *`. ట్యాంకరు డ్రైవర్లకు ముందుగా చెప్పాలి, అరగంట ముందు కావాలని మేనేజరు గారు అడిగారు. `45 23 * * *` అని మార్చాను. మరునాడు ఐదుంపావుకు మెయిల్ వచ్చింది, అందరూ సంతోషించారు. మూడు రోజులు గడిచాయి.

నాలుగో రోజు ఒక డ్రైవరు 46 కిలోమీటర్లు వెళ్లి ఖాళీ కూలరు ముందు నిలబడ్డాడు. ముందురోజు అక్కడ జనరేటరు చెడిపోవడంతో ఊళ్ల పాలు పక్క కేంద్రానికి మళ్లించారు. రిపోర్టులో మాత్రం ఆ కేంద్రం ఎదురుగా రెండు పూటలా నిండుగా పాలు ఉన్నాయి. పక్క కేంద్రంలో కూలరు పొంగే స్థితికి వచ్చింది, అక్కడికి వెళ్లాల్సిన బండి వెళ్లలేదు.

కారణం ఏమిటంటే, క్వెరీలో నిన్నటి తేదీ కోసం `CURRENT_DATE - 1` అని రాశాను. మన దగ్గర 12వ తేదీ ఉదయం ఐదుంపావు అయినప్పుడు యూటీసీలో ఇంకా 11వ తేదీ రాత్రి 23:45. డేటాబేసుకు ఈ రోజు 11, నిన్న అంటే 10. మాకు కావాల్సింది 11. పాత సమయంలో నడిచినప్పుడు యూటీసీలో కూడా తేదీ మారి పావుగంట అయ్యేది కాబట్టి నాలుగు నెలలు సరిగ్గానే వచ్చింది. అంటే నేను సరిగ్గా రాశానని కాదు, ఐదున్నర దాటాక నడుస్తుండడం వల్ల అలా సరిపోయింది.

మరి మూడు రోజులు ఎవరూ ఎందుకు పట్టుకోలేదు? మెయిల్ శీర్షికలో తేదీని స్క్రిప్ట్ వేరుగా, మన సమయంలో లెక్కవేసి వేస్తుంది. శీర్షికలో 11 అని ఉంది, లోపల 10 నాటి పాలు ఉన్నాయి. మొత్తం లీటర్లు రోజుకు రోజుకు ఒకటి రెండు శాతమే కదులుతాయి, చూస్తే అనుమానం రాదు. లాగ్‌లో ఒక్క ఎర్ర గీత లేదు.

ఎక్సెల్_మాస్టారు · 2వ రోజు, ఉదయం 7:40

దీనికి ఇంత కథ అవసరం లేదండీ. సర్వరు గడియారాన్ని మన సమయానికి మార్చేస్తే చాలు. క్రాన్‌లో కూడా 15 5 అని చదవగానే అర్థమయ్యేలా రాసుకోవచ్చు. మా ఆఫీసులో అలాగే ఉంది, ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

పాతసర్వరు · 2వ రోజు, ఉదయం 9:15

మాస్టారు గారూ, కొత్తగా పెట్టుకునే సర్వరు అయితే మీరన్నది మంచి పద్ధతే. నాలుగేళ్లుగా నడుస్తున్న దాన్ని, అదీ మనిషి వెళ్లిపోయే నెలలో మారిస్తే మాత్రం చిక్కు. ఆ యంత్రం మీద క్రాన్‌లో ఉన్న మిగతా పనులన్నీ ఒక్కసారిగా ఐదున్నర గంటలు జరుగుతాయి. క్రాన్ సేవను తిరిగి ప్రారంభించేదాకా అది పాత గడియారంతోనే నడవవచ్చు. పైగా యంత్రం సమయం మారినంత మాత్రాన డేటాబేసు సమయం మారదు. పోస్ట్‌గ్రెస్‌కు తన సొంత `timezone` అమరిక ఉంటుంది, దాన్ని ఒక్కో కనెక్షను కూడా మార్చుకోగలదు. యంత్రం మన సమయంలో, డేటాబేసు యూటీసీలో ఉంటే లోపం ఇంకా లోతుకు పోతుంది.

పాలలెక్క గారూ, క్వెరీని ఎలా సరిచేశారు?

పాలలెక్క · 2వ రోజు, ఉదయం 9:50

ఇలా:

```sql
(now() AT TIME ZONE 'Asia/Kolkata')::date - 1
```

పాతసర్వరు · 2వ రోజు, ఉదయం 10:20

ఇది సరైనదే, ఏ గడియారం ఉన్న యంత్రం మీదైనా పనిచేస్తుంది. కానీ శీర్షికలోని తేదీ ఇప్పటికీ వేరే చోట లెక్క అవుతోందా? అలా అయితే అసలు జబ్బు పోలేదు. శీర్షికలో వేసే తేదీని మీరు లెక్కవేయకూడదు, పట్టికలో వచ్చిన వరుసల నుంచే తీయాలి. లోపల 10 నాటి పాలు ఉంటే శీర్షిక 10 అనే చెప్పాలి. అప్పుడు చదివేవాళ్లే మొదటి రోజు పట్టుకుంటారు.

ఇంకొకటి. మీ రెండు స్క్రిప్టుల మధ్య ఉన్న సంబంధం గడియారం ఒక్కటే. ఐదింటికి ఎక్కించడం విఫలమైనా ఐదుంపావుకు రిపోర్టు తన పని తాను చేసుకుపోతుంది. ఆ 15 నిమిషాలు చాలతాయని ఆశించడం తప్ప చూసేవాడు ఎవడూ లేడు. ఎక్కించడం విజయవంతం అయితేనే రిపోర్టు మొదలయ్యేలా రెండింటినీ ఒకే స్క్రిప్టులో వరుసగా పెట్టండి.

మందులలెక్క · 2వ రోజు, మధ్యాహ్నం 1:30

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి, ఇది చదువుతుంటే నా సమస్య గుర్తుకొచ్చింది. మాది మందుల దుకాణాల గొలుసు. రిపోర్టు సోమవారం నుంచి శనివారం దాకా వెళ్లాలి. మాదీ యూటీసీ సర్వరే. పోయిన నెల సమయం ముందుకు జరిపి `45 23 * * 1-6` అని పెట్టాను. అప్పటి నుంచి సోమవారం రిపోర్టు రావడం లేదు, ఆదివారం మాత్రం అడగకుండానే వస్తోంది. మెయిల్ సర్వరు లోపమని అనుకుని వాళ్ల వెంట పడుతున్నాను.

పాతసర్వరు · 2వ రోజు, మధ్యాహ్నం 1:55

మెయిల్ వాళ్లను వదిలేయండి. మనకు సోమవారం ఉదయం ఐదుంపావు అంటే ఆ సర్వరుకు ఇంకా ఆదివారం రాత్రి. క్రాన్‌లో ఆదివారం 0. మీరు 1 నుంచి 6 అన్నారు కాబట్టి ఆదివారం రాత్రి నడవదు. శనివారం రాత్రి నడిచినది మీకు ఆదివారం ఉదయం అందుతుంది. `0-5` అని మార్చండి.

మందులలెక్క · 2వ రోజు, మధ్యాహ్నం 2:10

మార్చాను. సోమవారం చూసి చెబుతాను. చాలా కృతజ్ఞతలు.

సీతాఫలం · 3వ రోజు, రాత్రి 8:05

నేనూ నోటీసు కాలంలోనే ఉన్నాను. అప్పగింత నోట్ ఇవ్వకపోతే రిలీవింగ్ లెటరు ఆపుతారా? మా హెచ్ఆర్ వాళ్లు స్పష్టంగా చెప్పడం లేదు.

గోదారిగట్టు · 3వ రోజు, రాత్రి 8:30

అది మీ నియామక పత్రంలోని షరతులను బట్టి ఉంటుంది, దానికి వేరే చర్చ మొదలుపెట్టండి. ఇక్కడ మాట్లాడుతున్నది నోట్‌లో ఏమి రాయాలన్న సంగతి.

పాతసర్వరు · 3వ రోజు, రాత్రి 9:00

పాలలెక్క గారూ, నిన్నటి నుంచి ఒకటి అడగాలనుకుంటున్నాను. మీ క్రాన్ వరుసల్లో `/home/anl` అని ఉంది. అది మీ సొంత ఖాతాయేనా?

పాలలెక్క · 3వ రోజు, రాత్రి 9:20

అవును, నాదే. మొదట్లో ప్రయత్నంగా నా ఖాతాలో పెట్టాను, అక్కడే ఉండిపోయింది.

పాతసర్వరు · 3వ రోజు, రాత్రి 9:45

అయితే మీ నోట్‌లో లేని అతిపెద్ద విషయం అదే. మీరు వెళ్లిన రోజు ఐటీ వాళ్లు మీ ఖాతా మూసేస్తారు. ఆ మరునాడు ఉదయం రిపోర్టు ఉండదు. మీరు రాసిన 14 పేజీలూ మీ ఖాతా తెరిచి ఉంటేనే పనికొస్తాయి.

ఎక్సెల్_మాస్టారు · 3వ రోజు, రాత్రి 10:10

ఇక్కడ మాత్రం ఒప్పుకోను. మా దగ్గర ఒకరు వెళ్లిపోయి ఏడాదైంది, ఆయన ఖాతాకు తాళం వేశారు. ఆయన పేరు మీద క్రాన్ పనులు ఈ రోజుకీ నడుస్తున్నాయి. లాగిన్‌కూ క్రాన్‌కూ సంబంధం లేదు.

పాతసర్వరు · 3వ రోజు, రాత్రి 10:40

మీరు చూసింది నిజమే. తాళం అంటే ఏమి చేశారన్నదాని మీద ఉంటుంది. పాస్‌వర్డ్‌కు మాత్రమే తాళం వేస్తే చాలా లైనక్సులలో క్రాన్ ఆగదు, మీ దగ్గర జరిగింది అదే. ఖాతాకు గడువు తీరిపోయినట్టు గుర్తు పెడితే ఆగిపోతుంది. పాస్‌వర్డ్ మార్చాల్సిన గడువు దాటినా ఆగిపోతుంది. అప్పుడు క్రాన్ లాగ్‌లో ఇలాంటి వరుస కనిపిస్తుంది:

```
FAILED to authorize user with PAM (Authentication token is no longer valid; new one required)
```

ఖాతాను పూర్తిగా తీసేస్తే క్రాన్ ఆ పట్టికను అనాథగా లెక్కించి పక్కన పెడుతుంది, లాగ్‌లో `ORPHAN` అని రాస్తుంది. ఈ మూడింటిలో మీ ఐటీ వాళ్లు ఏది చేస్తారో ఊహించి కూర్చోవడం కంటే ముందే పరీక్షించడం మేలు. పనులన్నిటినీ ఎవరి సొంతమూ కాని ఒక సేవా ఖాతాకు మార్చండి. తరువాత ఐటీ వాళ్లను అడిగి మీ ఖాతాను రెండు ఉదయాలు నిజంగానే గడువు తీరినట్టు చేయించండి:

```
sudo chage -E 1970-01-02 anl
sudo chage -E -1 anl
```

రెండో వరుస తిరిగి తెరవడానికి. ఆ రెండు ఉదయాలూ మీరు ఆఫీసులోనే ఉంటారు, కానీ చేయి వేయకూడదు. నోట్ చేతిలో పట్టుకుని మీ సహోద్యోగే చూసుకోవాలి. వెళ్లిన తరువాత విరిగేవి వెళ్లకముందే విరగాలి.

ట్యాంకరుదారి · 4వ రోజు, ఉదయం 6:50

నేను మీలా కంప్యూటరు పనివాడిని కాను. వేరే డెయిరీలో ఇలాంటి రిపోర్టు చదివి బండ్లు పంపేవాడిని. నా మాట కూడా వినండి.

రిపోర్టు రాకపోతే మాకు పెద్ద కష్టం లేదు. పాలు ఎక్కువ వచ్చే పదిహేను కేంద్రాలకు ఫోన్ చేస్తాను, మిగిలినవాటికి మామూలు రోజు లెక్కతో బండి పంపుతాను, అరగంటలో తేలిపోతుంది. తప్పు రిపోర్టు వచ్చినప్పుడే నష్టం. దాన్ని నమ్మి ఫోన్ చేయను కదా. అందువల్ల మీ నోట్‌లో మాకోసం కూడా ఒక మాట ఉండాలి: ఎన్ని గంటలకల్లా రాకపోతే ఎదురుచూడడం మానేసి ఫోన్లు మొదలుపెట్టాలో. ఆ సమయం మాకు ఎప్పుడూ ఎవరూ చెప్పలేదు.

పాలలెక్క · 4వ రోజు, ఉదయం 8:15

ఇది రాసినందుకు ధన్యవాదాలండీ. మా మేనేజరు గారిని అడిగాను. ఐదు నలభైకి రాకపోతే ఫోన్లు మొదలుపెడతానన్నారు. ఆ సమయాన్ని మొదటి పేజీలో మొదటి వాక్యంగా పెట్టాను.

సేవా ఖాతా ఇవ్వడానికి ఐటీ వాళ్లు ఒప్పుకున్నారు. వచ్చే వారం పరీక్ష.

మందులలెక్క · 9వ రోజు, ఉదయం 6:20

సోమవారం రిపోర్టు వచ్చింది. నిన్న ఆదివారం రాలేదు. సరిపోయింది.

పాలలెక్క · 11వ రోజు, సాయంత్రం 6:30

రెండు ఉదయాల పరీక్ష అయింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదటి ఉదయం ఐదింటికే ఆగిపోయింది. సేవా ఖాతా ఎస్ఎఫ్‌టీపీ ఫోల్డరులోకి వెళ్లలేకపోయింది, `Permission denied (publickey)`. తాళంచెవి ఫైలు నా హోమ్ ఫోల్డరులో ఉంది, నేను తప్ప ఎవరూ చదవలేని అనుమతులతో ఉంది. ఎప్పుడో ఒకసారి పెట్టి మరిచిపోయాను, అందుకే 14 పేజీల్లో దాని పేరే లేదు. సేవా ఖాతాకు కొత్త తాళంచెవి చేసి, యంత్రాల కంపెనీ చేత నమోదు చేయించేసరికి మధ్యాహ్నం అయింది. ఇదే నేను వెళ్లాక జరిగి ఉంటే, ఆ కంపెనీకి ఫోన్ చేయాలన్న సంగతి కూడా ఎవరికీ తట్టేది కాదు.

రెండో ఉదయం అన్నీ నడిచాయి. లాగ్‌లో "పంపబడింది" అని ఉంది. మెయిల్ మాత్రం ఒక్కరికీ చేరలేదు. ఆ 11 మంది ఉన్న మెయిల్ గుంపు నా చిరునామా నుంచి వచ్చిన ఉత్తరాలనే అంగీకరించేలా ఉంది. కొత్త చిరునామా నుంచి వచ్చినది తిరిగి వెళ్లి, ఎవరూ తెరవని పెట్టెలో పడింది. స్క్రిప్ట్ దృష్టిలో మెయిల్ సర్వరుకు అందజేయడంతో పని అయిపోయింది. అందుకని గుంపు అంగీకరించే జాబితాలోకి కొత్త చిరునామాను, గుంపులోకి సహోద్యోగి చిరునామాను, నోట్‌లోకి "లాగ్‌ను నమ్మవద్దు, మీ పెట్టెలోకి వచ్చిందా లేదా చూడండి" అనే మాటను చేర్చాం.

ఇంకొకటి కూడా బయటపడింది. మెయిల్ రాలేదని ఆమె మొత్తం పనిని చేతితో మళ్లీ నడిపారు. నోట్‌లో అలాగే ఉంది మరి. పట్టికలో 128 బదులు 256 వరుసలు వచ్చాయి, ప్రతి కేంద్రంలో పాలు రెట్టింపు అయ్యాయి. నేను మళ్లీ నడిపేటప్పుడు పాత వరుసలను ముందుగా తుడిచేవాణ్ణి. అది నా చేతికి అలవాటైపోయింది, అందుకే కాగితం మీదకు రాలేదు. ఇప్పుడు ఆ రోజు వరుసలను తొలగించడం, కొత్తవి ఎక్కించడం రెండూ ఒకే లావాదేవీలో జరిగేలా స్క్రిప్టులోనే రాశాను. ఎన్నిసార్లు నడిపినా 128 దాటదు.

గోదారిగట్టు · 11వ రోజు, రాత్రి 7:15

చేతి అలవాటు గురించి మీరు రాసినది నాకు బాగా తెలిసిన విషయం. నాకు నోట్ ఇచ్చిన ఆయన రోజూ మెయిల్ వెళ్లాక ఒకసారి తెరిచి, ఒక అంకె మీద కన్ను వేసేవారట. ఆ అంకె ఏదో ఎక్కడా రాయలేదు. మీరు ఉదయం రిపోర్టు తెరవగానే మొదట చూసేది ఏమిటి?

పాలలెక్క · 11వ రోజు, రాత్రి 7:50

కొంతసేపు ఆలోచిస్తేగాని తెలియలేదు. మొత్తం లీటర్లు చూడను. మా పెద్ద కేంద్రాలలో మూడింటి వెన్న శాతం చూస్తాను. లీటర్లు ఒక రోజు ఇంకో రోజులా ఉండవచ్చు. మూడు కేంద్రాలలో రెండు పూటల వెన్న శాతాలు నిన్నటితో దశాంశం వరకు అచ్చంగా కలిశాయంటే అది నిన్నటి పట్టికే మళ్లీ వచ్చిందన్నమాట. ఇది కూడా నోట్‌లోకి వెళ్లింది. వరుసల లెక్క కోసం ఈ క్వెరీ పెట్టాను, మెయిల్ పంపే ముందు స్క్రిప్ట్ దీన్ని చూస్తుంది:

```sql
SELECT count(*) FROM milk_shift
WHERE shift_date =
  (now() AT TIME ZONE 'Asia/Kolkata')::date - 1;
```

128 ఉంటే పంపుతుంది. తక్కువ ఉంటే ఏమి చేయాలన్నదే ఇంకా నిర్ణయించుకోలేదు. మీ అభిప్రాయం కావాలి.

పాతసర్వరు · 11వ రోజు, రాత్రి 8:30

ఒక్క వరుస తగ్గినా పంపకూడదు. ఆపేసి, "ఈ రోజు రిపోర్టు లేదు" అని మాత్రం పంపాలి. సగం రిపోర్టు అందరి పెట్టెల్లోకి వెళ్లాక దాన్ని వెనక్కి తీసుకోలేం. మధ్యాహ్నం సరైనది పంపినా ఎవరి ఫోన్‌లో ఏది ఉందో తెలియదు.

ట్యాంకరుదారి · 12వ రోజు, ఉదయం 7:05

దీనికి నేను ఒప్పుకోను. 64 కేంద్రాలలో నాలుగు రాలేదని మిగతా 60 నాకు దాచిపెడితే ఎలా? రానివాటి పేర్లు పైన పెద్ద అక్షరాలతో రాసి, మిగతావి పంపండి. ఆ నాలుగింటికి నేను ఫోన్ చేసుకుంటాను. రాని కేంద్రం దగ్గర సున్నా మాత్రం వేయవద్దు. సున్నా అంటే పాలు లేవని అర్థం, బండి పంపను. సమాచారం లేకపోవడం వేరు.

ఎక్సెల్_మాస్టారు · 12వ రోజు, ఉదయం 8:20

ఖాతా విషయంలో పాతసర్వరు గారు చెప్పినది మా దగ్గర చూశాను, పాస్‌వర్డ్‌కు మాత్రమే తాళం ఉంది. మా ఐటీ వాళ్లకు చెప్పాను. ఇక ఈ ప్రశ్నకు వస్తే, రానివాటికి పోయిన వారం సగటు వేస్తే పట్టిక నిండుగా ఉంటుంది కదా?

ట్యాంకరుదారి · 12వ రోజు, ఉదయం 8:35

సగటు నాకు నోటికే వస్తుంది మాస్టారు గారూ. రిపోర్టులో ఉన్నది కొలిచిన పాలు అయి ఉండాలి. సగటును కొలతలా చూపిస్తే జనరేటరు చెడిపోయిన కేంద్రానికే మళ్లీ బండి వెళ్తుంది.

పాతసర్వరు · 12వ రోజు, ఉదయం 9:10

సున్నాకూ ఖాళీకీ తేడా ఉండాలన్న మాట ఒప్పుకుంటున్నాను. పంపాలా ఆపాలా అన్నదానిలో మాత్రం నా అభిప్రాయం మారలేదు. పైన పెద్ద అక్షరాలు వారం రోజులు చదువుతారు, తరువాత కంటికి ఆనవు.

పాలలెక్క · 14వ రోజు, రాత్రి 10:15

మా మేనేజరు గారి నిర్ణయం ప్రకారం ప్రస్తుతానికి ఇలా పెట్టాం: 116 వరుసల కంటే తక్కువ వస్తే ఆపడం, 116 నుంచి 127 మధ్య వస్తే రాని కేంద్రాల పేర్లు శీర్షికలోనే చూపి పంపడం. 116కు పెద్ద శాస్త్రం లేదు. ఆరు కేంద్రాల రెండు పూటల వరుసలు లేకపోయినా ఫోన్‌లో కనుక్కోగలనని ఆయన అన్నారు, అంతే. ఆ మాటను కూడా నోట్‌లో రాశాను, రేపు ఎవరైనా ఆ అంకెను మార్చాలనుకుంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలని.

నోట్ ఇప్పుడు 6 పేజీలు. మొదటి పేజీ ఇక్కడ పెడుతున్నాను.

"5:40కి మెయిల్ లేకపోతే ముందుగా మేనేజరు గారికి ఫోన్ చేసి, ఈ రోజు కేంద్రాలతో మాట్లాడుకోమని చెప్పండి. కారణం తరువాత వెతకండి. ఫోల్డరులో ఈ రోజు ఫైలు ఉందో చూడండి. లేకపోతే యంత్రాల కంపెనీకి ఫోన్ చేయండి, మన వైపు చేయగలిగింది ఏమీ లేదు. ఫైలు ఉంటే దాని పరిమాణం నిన్నటి ఫైలుకు దగ్గరగా ఉందో చూడండి. బాగా చిన్నదైతే ఇంకా చేరుతూ ఉండవచ్చు, ఐదు నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. పరిమాణం పెరుగుతుంటే ఆగేదాకా ముట్టుకోవద్దు. ఫైలు సరిగ్గా ఉంటే, ఎక్కించడం, రిపోర్టు రెండూ వరుసగా ఉన్న run_morning.sh మొత్తంగా మళ్లీ నడపండి. ఎన్నిసార్లు నడిపినా నష్టం లేదు. మెయిల్ వచ్చి, అంకెలు అనుమానంగా ఉంటే, పెద్ద కేంద్రాలు మూడింటి వెన్న శాతాలను నిన్నటి మెయిల్‌తో పోల్చండి. అచ్చంగా కలిస్తే వెంటనే మేనేజరు గారికి ఫోన్ చేయండి, మెయిల్‌లో రాసి ఊరుకోవద్దు. ఆ సమయంలో ఆయన డ్రైవర్లతో మాట్లాడుతుంటారు, మెయిల్ చూడరు."

గోదారిగట్టు · 14వ రోజు, రాత్రి 10:50

ఇలాంటి పేజీ నాకు ఆ రోజు దొరికి ఉంటే ఎంత బాగుండేది. ఒక్క మాట చేర్చండి: ఈ నోట్‌ను చివరిసారి ఎవరు, ఏ తేదీన, నిజంగా నడిపి చూశారో. ఆరు నెలల తరువాత చదివేవారు దాన్ని ఎంతవరకు నమ్మాలో ఆ తేదీయే చెబుతుంది.

పాలలెక్క · 14వ రోజు, రాత్రి 11:00

చేర్చాను. నడిపినది నేను కాదు, ఆమె. కాబట్టి ఆమె పేరే రాశాను.

తొలిపూట · 23వ రోజు, ఉదయం 7:45

నమస్కారం. పాలలెక్క గారి స్థానంలోకి వచ్చినది నేనే. ఆయన వెళ్లి ఆరు రోజులైంది, ఖాతాను ఐటీ వాళ్లు పూర్తిగా తొలగించారు. రిపోర్టు ఆగలేదు.

ఈ ఉదయం 119 వరుసలు వచ్చాయి. శీర్షికలో ఐదు కేంద్రాల పేర్లు ఉన్నాయి. నాలుగు కేంద్రాల నుంచి రెండు పూటలా రాలేదు, ఒకదాని నుంచి సాయంత్రం పూట రాలేదు. నోట్‌లో చెప్పినట్టే మేనేజరు గారికి 5:20కి ఫోన్ చేశాను. పేర్లు చదవగానే "ఆ ఐదూ ఒకే రోడ్డు మీద ఉన్నాయమ్మా, అక్కడ నిన్న నెట్‌వర్క్ పోయి ఉంటుంది" అన్నారు. కేంద్రాలకు ఫోన్ చేస్తే అదే నిజమైంది. పాలు ఉన్నాయి, బండి వెళ్లింది.

నాకు మిగిలిన సందేహం ఇది. ఆ తొమ్మిది వరుసలు రేపటి ఫైలులో ఈ రోజు వాటితో కలిసి వస్తాయని యంత్రాల కంపెనీ వాళ్లు అంటున్నారు. మన స్క్రిప్ట్ ఫైలులో ఉన్న తేదీల వరుసలను తొలగించి కొత్తవి ఎక్కిస్తుంది. నిన్నటి తేదీతో తొమ్మిదే వస్తే, ఇప్పటికే ఉన్న 119 పోయి తొమ్మిదే మిగులుతాయి కదా?

పాతసర్వరు · 23వ రోజు, ఉదయం 8:05

పోతాయి. బాగా గమనించారు. ఈ రాత్రిలోపు తొలగింపును తేదీతో పాటు కేంద్రం, పూట కూడా కలిసిన వరుసలకే పరిమితం చేయండి. మార్చేముందు ఆ పట్టికకు ఒక నకలు తీసి పెట్టుకోండి.

తొలిపూట · 23వ రోజు, ఉదయం 8:10

నకలు తీస్తున్నాను. మార్చి, నిన్నటి ఫైలుతో ఒకసారి నడిపి చూసి, సాయంత్రం ఇక్కడ రాస్తాను.